ఆ ప్రశ్న తప్పు, నిజమే. మరి అబ్జెక్షన్ ఎందుకు తిప్పికొట్టారు?

ప్రిలిమినరీ కీ విడుదలైందంటే బెంజి సర్కిల్ చుట్టుపక్కల హాస్టళ్లలోనూ, గుంటూరు బ్రాడీపేట నెట్ సెంటర్లలోనూ రెండు మూడు రోజులు ఒకటే మాట వినిపిస్తుంది: "సార్, ఆ ప్రశ్నే తప్పు." ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి ఏటా వేసవిలో ఈ మాట నా దాకా వస్తుంది. వాళ్లు చెప్పేది చాలాసార్లు నిజమే. అయినా అబ్జెక్షన్ పెట్టినవాళ్లలో ఎక్కువమందికి ఒరిగేదేమీ ఉండదు. ప్రశ్న తప్పని మనకు తెలియడం వేరు, ఆ తప్పును పరీక్ష పెట్టినవాళ్లు ఒప్పుకొనేలా రాయడం వేరు. ఈ రెండోదాని గురించి మన దగ్గర ఎవరూ చెప్పరు. కోచింగ్ వాళ్లు ఒక మెసేజ్ తయారుచేసి గ్రూపులో పడేస్తారు, పిల్లలందరూ దాన్నే కాపీ కొడతారు, అంతటితో అయిపోతుంది.

అవతలి పక్క ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఈఏపీసెట్ అయినా, జేఈఈ మెయిన్ అయినా, ఏపీపీఎస్సీ పరీక్ష అయినా పద్ధతి ఇంచుమించు ఒకటే. ముందు ప్రాథమిక కీ పెడతారు. కొద్ది రోజులు గడువిచ్చి ఆన్‌లైన్‌లో అభ్యంతరాలు తీసుకుంటారు. వచ్చినవన్నీ ప్రశ్నలవారీగా పోగేసి సబ్జెక్టు నిపుణుల ముందు పెడతారు. వాళ్లు తేల్చినదాన్ని బట్టి తుది కీ వస్తుంది. ఆ నిపుణుడి ముందు ఉండేది మీ ఏడుపు కాదు, మీ ర్యాంకు అంతకన్నా కాదు. ఒక ప్రశ్న, దాని కీ, దాని మీద వచ్చిన వాదన, జతచేసిన కాగితం, అంతే. వందల అభ్యంతరాలు ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయే మనిషి అతను. కొద్ది నిమిషాల్లో సరిచూసుకునేలా ఉన్న వాదన నిలుస్తుంది. "ఈ ప్రశ్న చాలా కన్ఫ్యూజింగ్‌గా ఉంది, దయచేసి న్యాయం చేయండి" అని రాస్తే సరిచూడటానికి అందులో ఏమీ ఉండదు.

ఒకే ప్రశ్న, మూడు రకాల తప్పు

ఒక చిన్న లెక్క తీసుకుందాం. నా దగ్గరికొచ్చిన ఒక ప్రశ్నను అంకెలు మార్చి రాస్తున్నాను. x² − kx + 4 = 0 సమీకరణానికి మూలాలు సమానమైతే k విలువ ఎంత? ఇచ్చిన ఐచ్ఛికాలు వరుసగా 2, 4, −4, 8. కీలో 4 అని ఉంది.

మూలాలు సమానం కావాలంటే విచక్షణి సున్నా కావాలి. అంటే k² − 16 = 0. అప్పుడు k = 4 కావచ్చు, −4 కావచ్చు. రెండూ ఐచ్ఛికాల్లో ఉన్నాయి. ప్రశ్నలో ఎక్కడా k ధనసంఖ్య అని చెప్పలేదనుకుందాం. అప్పుడు ఇది రెండు సరైన జవాబులున్న ప్రశ్న. దీనికి అబ్జెక్షన్ రాయడం తేలిక. విచక్షణి ఒక వాక్యంలో, రెండు విలువలు మరో వాక్యంలో, "k మీద ఏ షరతూ లేదు, కాబట్టి 4, −4 రెండింటినీ సరైనవిగా తీసుకోవాలి" అన్న కోరిక మూడో వాక్యంలో రాసి, ఇంటర్ పాఠ్యపుస్తకంలో ఆ నియమం ఉన్న పేజీ జతచేస్తే చాలు. నిపుణుడు కాదనడానికి చోటుండదు.

ఇప్పుడు రెండో రకం. ఇంగ్లిష్ పాఠంలో k > 0 అనే షరతు ఉంది, తెలుగు అనువాదంలో అది జారిపోయింది. తెలుగు మీడియం అమ్మాయి తెలుగు పాఠం చదివి −4 పెట్టింది. ఈ పరిస్థితిలో ఆమె మొదట రాసిన అబ్జెక్షన్ ఇలా ఉంటుంది: "కీ తప్పు. −4 కూడా కరెక్టే." నిపుణుడు ఏం చేస్తాడు? ఇంగ్లిష్ పాఠం చూస్తాడు. అందులో షరతు ఉంది, జవాబు 4 ఒక్కటే. అబ్జెక్షన్ తిరస్కరిస్తాడు. అతని వైపు నుంచి అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే తెలుగు పాఠంలో లోపం ఉందని అతనికి ఎవరూ చెప్పనేలేదు. ఆమె రాయాల్సింది కీ గురించి కాదు, అనువాదం గురించి. "ఇంగ్లిష్ పాఠంలో ఉన్న షరతు తెలుగు పాఠంలో లేదు. తెలుగు పాఠం ప్రకారం 4, −4 రెండూ సరైనవే" అని మొదటి వాక్యంలోనే తేల్చేసి, రెండు పాఠాలూ పక్కపక్కన కనిపించే స్క్రీన్‌షాట్ పెట్టాలి.

ఇలా రాసినా నెగ్గుతుందన్న నమ్మకం లేదు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే ప్రామాణికమని సూచనల్లో ముందే రాసి పెట్టుకుంటారు. కంప్యూటర్ తెర మీద రెండు భాషలూ కనిపిస్తున్నాయి కదా, అనుమానం వస్తే ఇంగ్లిష్ చూసుకోవచ్చు కదా అన్నది వాళ్ల వాదన. నా మటుకు నాకు ఇది అన్యాయమే అనిపిస్తుంది. తెలుగు పాఠంలో అనుమానం రావడానికి ఏమీ లేదు. అది తనంతట తాను పూర్తిగా ఉన్న ప్రశ్న. చదివినవాళ్లకు రెండో పాఠం వెతకాలని ఎందుకు తోస్తుంది? ఈ మాట కూడా అబ్జెక్షన్‌లో ఒక వాక్యంగా రాయాలి. నియమం అటే ఉన్నా, అనువాద లోపం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు రెండు జవాబులనూ ఒప్పుకునే అధికారం నిపుణులకు ఉంటుంది. అడగనిదే వాళ్లు వాడరు.

మూడో రకంలో అచ్చుతప్పు. 4 ఉండాల్సిన చోట 5 పడింది, ప్రశ్న x² − kx + 5 = 0 అయింది. అప్పుడు k² = 20, అంటే k విలువ సుమారు 4.47 లేదా −4.47. ఐచ్ఛికాల్లో ఏదీ కాదు. చాలామంది పిల్లలు ఇక్కడ "దగ్గరగా ఉన్నది 4 కాబట్టి కీ 4 ఇచ్చారు, నేనూ 4 పెట్టాను" అనుకుని ఊరుకుంటారు. 4 పెట్టినవాళ్లకు అబ్జెక్షన్ పెట్టే అవసరం లేదు, నిజమే. లెక్క సరిగ్గా చేసి ఏదీ రాక వదిలేసినవాళ్లు, రెండు మూడు నిమిషాలు దాని మీదే పోగొట్టుకున్నవాళ్లు మాత్రం తప్పక పెట్టాలి. ఇక్కడ అడగాల్సింది మరో జవాబు కాదు, ప్రశ్ననే తీసేయమని.

ఏ రకం తప్పో తేల్చుకోకుండా రాసిన అబ్జెక్షన్ ఇలాగే పోతుంది. తప్పు ఒకటి, అడిగింది మరొకటి అవుతుంది.

ఇంకో చిన్న విషయం, చిన్నదే అయినా దీనివల్ల పోయినవి నేను చాలా చూశాను. కంప్యూటర్ పరీక్షలో ప్రశ్నల వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుంది, ఐచ్ఛికాల వరుస కూడా మారొచ్చు. మీకు 37వదిగా వచ్చిన ప్రశ్న మీ పక్కవాడికి 12వది కావచ్చు. అందుకే రెస్పాన్స్ షీట్‌లో ప్రతి ప్రశ్నకూ, ప్రతి ఐచ్ఛికానికీ ఒక పొడవాటి ఐడీ నంబరు ఇస్తారు. అబ్జెక్షన్‌లో రాయాల్సింది ఆ ఐడీ. "37వ ప్రశ్న, రెండో ఆప్షన్" అని రాస్తే నిపుణుడు తెరిచేది వేరే ప్రశ్న కావచ్చు. ఓఎంఆర్ పరీక్ష అయితే మీ బుక్‌లెట్ సిరీస్ నంబరు కాకుండా, వాళ్లు పెట్టిన మాస్టర్ ప్రశ్నపత్రంలోని నంబరు అడుగుతారు. ఏ సెషన్‌లో రాశారో అది కూడా సరిగ్గా ఎంచుకోవాలి, ఉదయం పేపర్‌కు బదులు మధ్యాహ్నం పేపర్ ఎంచుకుంటే మొత్తం వృథా.

ఆధారం విషయానికొస్తే, కోచింగ్ మెటీరియల్, బజారు గైడు, వికీపీడియా పేజీ వీటికి విలువ ఉండదు. ఆ పరీక్ష సిలబస్‌కు ఆధారమైన పాఠ్యపుస్తకం ముందు. అది తెలుగు అకాడమీ పుస్తకమా, ఎన్‌సీఈఆర్‌టీదా అన్నది పరీక్షను బట్టి ఉంటుంది. పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పేజీ నంబరు కనిపించేలా ఫొటో తీయాలి. ముద్రణ సంవత్సరం ఎందుకో నీట్ కథలో తెలుస్తుంది.

మార్కు ఎవరికి కలుస్తుంది

"ప్రశ్న తీసేశారు, అందరికీ మార్కు కలిపారు" అన్న వార్త రాగానే సంబరపడటం చూస్తుంటాను. కాస్త లెక్క వేసుకుంటే సంబరం తగ్గుతుంది. 160 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్కో మార్కు, నెగెటివ్ లేదు అనుకుందాం. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్ ఇలాగే ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్న పక్కన పెడితే ఇద్దరికీ 119 వచ్చాయి. ఒకరు కీలో ఉన్న జవాబు పెట్టి 120 చేసుకున్నారు, మరొకరు పెట్టక 119 దగ్గర ఆగారు. ప్రశ్న లోపభూయిష్ఠమని తేల్చి అందరికీ మార్కు ఇస్తే ఇద్దరూ 120. అంటే కీ ప్రకారం పెట్టినవారికి కొత్తగా వచ్చిందేమీ లేదు, వారి ఆధిక్యం మాత్రం పోయింది.

ప్రశ్నను పూర్తిగా తీసేసి 159కి లెక్కగట్టి దాన్ని 160కి పెంచే పద్ధతి ఇంకొకటి ఉంది. అప్పుడు ఇద్దరికీ 119ని 160తో గుణించి 159తో భాగిస్తే సుమారు 119.75 వస్తుంది. మొదటివారికి పావు మార్కు తగ్గింది. అదే పద్ధతిలో 60 మార్కులవారికి వచ్చేది 60.38. అంటే ఈ పద్ధతిలో ఎక్కువ మార్కులున్నవారికి ఎక్కువ కలుస్తుంది. అందరికీ ఒక మార్కు ఇస్తే అందరికీ సమానం. పైకి రెండూ ఒకటేలా వినిపిస్తాయి, ఫలితం వేరు. రెండు జవాబులనూ ఒప్పుకుంటే మాత్రం ఆ రెండింటిలో ఒకటి పెట్టినవారికే లాభం, మిగతావారికి ఏమీ లేదు.

నెగెటివ్ మార్కులున్న పరీక్షలో తేడా ఇంకా పెద్దది. నీట్‌లో సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. ఒక జవాబును తప్పుల జాబితా నుంచి ఒప్పుల జాబితాకు మారిస్తే దాన్ని పెట్టినవారికి కదిలేది 5 మార్కులు. వదిలేసినవారికి ఏదీ కదలదు. వేలాదిమంది ఒకే మార్కు దగ్గర గుమిగూడే చోట 5 మార్కులంటే కాలేజీ మారిపోతుంది, ఒక్కోసారి సీటే పోతుంది.

ప్రయత్నించినవారికే ఇవ్వాలా, వదిలేసినవారికి కూడా ఇవ్వాలా అన్నది మరో చిక్కు. 2017 జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో లోపమున్న ప్రశ్నలకు అందరికీ కలిపి 18 బోనస్ మార్కులు ఇచ్చారు. ప్రశ్న ముట్టుకోనివాళ్లకు కూడా ఎందుకని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కౌన్సెలింగ్ కొద్ది రోజులు ఆగింది, తర్వాత కోర్టు అనుమతించింది. ప్రయత్నించి విఫలమైనవాళ్లెవరు, అసలు చూడనివాళ్లెవరు అని వేల సమాధానాలను వేరుచేయడం ఆ దశలో కుదిరే పని కాదు కదా.

పలు సెషన్లలో జరిగే పరీక్షలో నార్మలైజేషన్ ఉంటుంది. ఒక సెషన్‌లో అందరికీ ఒక మార్కు కలిపితే ఆ సెషన్ సగటు కూడా ఒక మార్కు పెరుగుతుంది. సెషన్ల మధ్య పోల్చేటప్పుడు ఆ పెరుగుదల చాలావరకు సర్దుబాటైపోతుంది. అందుకే "మార్కు కలిసినా ర్యాంకు కదల్లేదేంటి సార్" అని అడుగుతారు. ఆ సెషన్‌లో మీ పక్కవారి కన్నా మీకు ఎక్కువ కలిస్తేనే ర్యాంకు కదులుతుంది.

నీట్ 2024: పాత పుస్తకం, కొత్త పుస్తకం

ఒక్క ప్రశ్న దేశాన్ని ఎంత కదిలించగలదో 2024లో చూశాం. ఫిజిక్స్‌లో పరమాణువుల మీద రెండు వాక్యాలిచ్చారు. మొదటిది, పరమాణువుల్లో ధన, ఋణ ఆవేశాలు సమానం కాబట్టి అవి విద్యుత్‌పరంగా తటస్థం. రెండోది, ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరంగా ఉంటాయి, వాటి ప్రత్యేక వర్ణపటాన్ని వెలువరిస్తాయి. రేడియోధార్మిక మూలకాలున్నాయి కాబట్టి "ప్రతి మూలకం" అన్నమాట నిలవదు. రెండో వాక్యం తప్పు. కీ అలాగే ఇచ్చారు.

అయితే పన్నెండో తరగతి పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆ రెండో వాక్యం అచ్చంగా అలాగే ఉంది. అది చదివినవాళ్లు రెండూ ఒప్పే అని పెట్టారు. అభ్యంతరాలు వచ్చాయి. నీట్ నిర్వహించే ఎన్‌టీఏ రెండు జవాబులనూ ఒప్పుకుంది. ఫలితంగా మొదట ప్రకటించిన 67 మంది పూర్తి మార్కుల టాపర్లలో 44 మందికి ఈ ప్రశ్నే తోడ్పడింది. రెండు జవాబులకూ మార్కులివ్వడం సరికాదని కొందరు కోర్టుకు వెళ్లారు. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నుంచి ముగ్గురు నిపుణుల అభిప్రాయం అడిగింది. సరైన జవాబు ఒక్కటే అని వాళ్లు తేల్చారు. 2024 జులై 23న కోర్టు దాన్నే ఖాయం చేసింది. నాలుగు లక్షలమందికి పైగా 5 మార్కుల చొప్పున కోల్పోయారు. తుది జాబితాలో పూర్తి మార్కుల టాపర్లు 17 మంది మిగిలారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి. పాత పుస్తకం చూపించినవాళ్ల వాదన మొదట నెగ్గింది, తర్వాత వీగిపోయింది. పుస్తకంలో ఉందన్నది బలమైన ఆధారమే, కానీ తాజా ముద్రణ చదవాలని పరీక్ష సూచనలు చెబుతుంటే పాత ముద్రణ పేజీ ఎంతసేపు నిలుస్తుంది? అన్నయ్య వాడిన పుస్తకం, అశోక్‌నగర్ సెకండ్‌హ్యాండ్ షాపులో కొన్న పుస్తకం ఫొటో తీసి పెట్టే ముందు రెండో పేజీ తిప్పి ముద్రణ సంవత్సరం చూడమనేది అందుకే.

సిలబస్‌లో లేదు అనడం వేరే కేసు

ప్రశ్నలో తప్పుందని చెప్పడానికి పాఠ్యపుస్తకం సరిపోతుంది. సిలబస్ బయటి ప్రశ్న అనడానికి అది సరిపోదు. అక్కడ లెక్కలోకి వచ్చేది ఆ పరీక్ష నోటిఫికేషన్‌తో పాటు ఇచ్చిన సిలబస్ జాబితా. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో పదకొండో తరగతి ఫిజిక్స్ నుంచి డ్యాంప్డ్ ఆసిలేషన్స్ లాంటి అంశాలను తీసేసింది. పుస్తకంలో పోయింది కాబట్టి ఏ పరీక్షలోనూ అడగకూడదని అనుకుంటే పొరపాటు. పరీక్ష సిలబస్ జాబితాలో ఆ అంశం పేరుంటే అడగొచ్చు. జాబితాలో లేకపోతే పుస్తకంలో ఉన్నా అభ్యంతరం పెట్టొచ్చు.

ఇంకా చిక్కు ఏమిటంటే, పిల్లలు "అవుట్ ఆఫ్ సిలబస్" అనేవాటిలో సగానికి సగం నిజానికి కొత్త మోడల్ ప్రశ్నలు. అంశం జాబితాలోనే ఉంటుంది, అడిగిన తీరు ఎప్పుడూ చూడనిది. గత పదేళ్ల పేపర్లలో ఇలాంటిది రాలేదన్నది వాదన కాదు, నిపుణుడు నవ్వి పక్కన పెడతాడు. నిలిచే వాదన ఒకటే. ఈ ప్రశ్న సాధించడానికి ఫలానా సూత్రం తప్పనిసరి, ఆ సూత్రం వచ్చే అంశం సిలబస్ జాబితాలో ఎక్కడా లేదు, వేరే దారిలో సాధించడం కుదరదు. ఈ మూడూ చూపించాలి. మూడోది కష్టం. జాబితాలో ఉన్న అంశంతోనే పొడవాటి దారిలోనైనా సాధించగలిగితే అభ్యంతరం పోయినట్టే.

డిగ్రీ, ఇంజినీరింగ్ సెమిస్టర్ పరీక్షల్లో మాత్రం సిలబస్ బయటి ప్రశ్నలు నిజంగానే వస్తాయి. దానికి కారణం చాలాసార్లు చాలా మామూలుది. సిలబస్ కొన్నేళ్లకోసారి మారుతుంది, ప్రతి మార్పుకూ ఒక రెగ్యులేషన్ పేరుంటుంది. ఆర్20 వాళ్లు సప్లిమెంటరీ రాస్తుంటారు, ఆర్23 వాళ్లు రెగ్యులర్ రాస్తుంటారు. సబ్జెక్టు పేరు ఒకటే, యూనిట్లు వేరు. పేపర్ తయారుచేసే అధ్యాపకుడు బయటి కాలేజీ మనిషి. ఆయన చేతికి పాత సిలబస్ కాపీ వెళ్లిందో, ఆయన దగ్గరున్న పాత పేపరే దిద్ది ఇచ్చారో, రెండు ప్రశ్నలు తీసేసిన యూనిట్ నుంచి వచ్చేస్తాయి.

గుంటూరు పక్కన ఒక కాలేజీలో సరిగ్గా ఇలాగే జరిగినప్పుడు నేను దగ్గరుండి చూశాను. 70 మార్కుల పేపర్లో రెండు ప్రశ్నలు పాత రెగ్యులేషన్‌లోని యూనిట్ నుంచి వచ్చాయి. పిల్లలు హాల్లోనే లేచి ఇన్విజిలేటర్‌కు చెప్పారు. ఆయన "రాయండమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆయన చేయగలిగింది కూడా అంతే. బయటికొచ్చాక కొందరు ప్రిన్సిపల్ గది ముందు కూర్చున్నారు. ఒక అమ్మాయి మాత్రం వాళ్ల హెచ్‌ఓడీ మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, రెండు ప్రశ్నలు మన సిలబస్‌లో లేవండి."

"ఏ రెండు? పేపర్ ఇటివ్వు. మన రెగ్యులేషన్ సిలబస్ ప్రింట్ తీసుకురామ్మా, ఇవాళే పంపాలి. స్పాట్ మొదలైతే మన మాట ఎవరూ వినరు."

ఆమె చెప్పినదే ఇందులో అసలు సంగతి. రాత పరీక్షకు కీ ఉండదు, అభ్యంతరాల కిటికీ ఉండదు. గడువు ఎవరూ ప్రకటించరు, కానీ గడువు ఉంది. అది స్పాట్ వాల్యుయేషన్ మొదలయ్యే రోజు. అంతకుముందే ఫిర్యాదు కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కు చేరితే నిపుణులు చూసి, మూల్యాంకన సూచనల్లో ఆ ప్రశ్నలకు ఏం చేయాలో రాయగలరు. పేపర్లు దిద్దడం సగమయ్యాక చేరితే అప్పటికే దిద్దిన కట్టలన్నీ మళ్లీ విప్పాలి. ఏ కంట్రోలరూ దానికి సులువుగా ఒప్పుకోడు. ఆ రోజు పంపిన ఉత్తరం ఒక పేజీ దాటలేదు. సబ్జెక్టు కోడ్, పరీక్ష తేదీ, రెగ్యులేషన్, ప్రశ్నల నంబర్లు, ఆ ప్రశ్నలు పాత రెగ్యులేషన్‌లో ఏ యూనిట్‌కు చెందినవి, ఇప్పటి సిలబస్‌లో ఆ యూనిట్ లేదన్న మాట. దానికి పాత, కొత్త సిలబస్ పేజీలు రెండూ జతచేశారు. ప్రిన్సిపల్ సంతకంతో మెయిల్ వెళ్లింది, కాగితం కాపీ కూడా వెళ్లి ఇన్‌వర్డ్ నంబరు పడింది. విద్యార్థుల సంతకాల కట్ట కన్నా హెచ్‌ఓడీ, ప్రిన్సిపల్ సంతకాలున్న ఒక్క పేజీకే అక్కడ బరువెక్కువ. ఆ ప్రశ్నలు ప్రయత్నించినవాళ్లకు మార్కులు ఇచ్చారు.

"ప్రయత్నించినవాళ్లకు" అన్నది గుర్తుపెట్టుకోవాలి. ఇంటర్ పబ్లిక్ పరీక్షల్లో దీన్నే యాడ్ స్కోర్ అంటారు. ప్రశ్న నంబరు వేసి కనీసం నాలుగు మాటలు రాసినవారికి కలపడం మామూలు పద్ధతి. సిలబస్‌లో లేదని కోపంతో ఖాళీగా వదిలేస్తే, మీకు ఆ ప్రశ్న రాలేదో, అన్యాయం జరిగిందో దిద్దే మనిషికి తెలియదు. నంబరు వేయండి, ప్రశ్న అర్థమైనంతవరకు రాయండి. ప్రశ్నలోనే అచ్చుతప్పుంటే "ప్రశ్నలో ఫలానా విలువ ఇవ్వలేదు, ఇంత అనుకుని చేస్తున్నాను" అని ఒక వాక్యం రాసి లెక్క చేయండి. ఒకటే జాగ్రత్త. నాలుగులో ఏవైనా రెండు రాయండి లాంటి ఛాయిస్ ఉన్నచోట, సిలబస్‌లో ఉన్న ప్రశ్నలు వదిలేసి కలుస్తాయన్న ఆశతో తప్పు ప్రశ్న రాయొద్దు. ఛాయిస్ ఉంది కదా, వేరేది రాయాల్సిందన్న జవాబు చాలాసార్లు వస్తుంది, అది పూర్తిగా తప్పని కూడా అనలేం.

తుది కీ తర్వాత

తుది కీ వచ్చాక తలుపులు చాలావరకు మూసుకుపోతాయి. కోర్టు ఉంది, కానీ అక్కడ మెట్టు ఎత్తు ఎక్కువ. 1983లో కాన్పూర్ విశ్వవిద్యాలయం వర్సెస్ సమీర్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. కీ సరైనదనే అనుకోవాలి, తప్పని స్పష్టంగా చూపించాలి, పొడవాటి తర్కాలు అల్లి నిరూపించేదిగా ఉండకూడదు. విద్యార్థులు మామూలుగా చదివే పుస్తకాలే కీని కాదంటున్నాయి కాబట్టి ఆ కేసులో విద్యార్థులు గెలిచారు. కీని రహస్యంగా ఉంచి ఉంటే ఎందరో విద్యార్థులు అన్యాయాన్ని మౌనంగా భరించాల్సి వచ్చేదని ఆ తీర్పులోనే కోర్టు చెప్పింది. తర్వాత రణ్ విజయ్ సింగ్ కేసులో కోర్టు ఇంకో అడుగు వేసింది. అనుమానం మిగిలితే ఆ లాభం పరీక్ష పెట్టినవారికే వెళ్లాలంది. జడ్జీలు తామే జవాబులు దిద్దకూడదనీ అంది.

మన దగ్గర ఇలాంటి గొడవ ఎంత దూరం వెళ్లగలదో గ్రూప్-1 రాసినవాళ్లకు తెలుసు. 2011 నోటిఫికేషన్ ప్రిలిమ్స్ కీలో తప్పుల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, మెయిన్స్ మళ్లీ 2016లో పెట్టాల్సివచ్చింది. గెలిచినవాళ్లు కూడా ఆ ఏళ్లు పోగొట్టుకున్నారు. అందుకే ఒక్క మార్కు కోసం హైకోర్టుకు వెళ్దామని వచ్చేవాళ్లకు నేను మొదట అడిగే ప్రశ్న, గడువులో అబ్జెక్షన్ పెట్టారా అని. అప్పుడు నోరు మెదపకుండా ఫలితం వచ్చాక కోర్టుకొస్తే, ఇన్నాళ్లూ ఏం చేశారన్న ప్రశ్న అక్కడ కూడా ఎదురవుతుంది. పెట్టిన అబ్జెక్షన్ రసీదు, ఫీజు కట్టినట్టు ఆధారం మీ చేతిలో ఉంటే వాదన అక్కడి నుంచి మొదలవుతుంది. ఫీజు మాటకొస్తే జేఈఈ మెయిన్, నీట్‌లలో ఒక్కో ప్రశ్నకు 200 రూపాయలు, వెనక్కి రావు. కాబట్టి అనుమానమున్న పదింటికీ కట్టేకన్నా, కాగితం మీద నిరూపించగలిగిన రెండింటికి కట్టడం మేలు.

అబ్జెక్షన్ ఎందుకు తిరస్కరించారో చాలా సంస్థలు కారణం చెప్పవు. తుది కీ మాత్రమే పెడతాయి. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అడిగే తీరు ముఖ్యం. ఫలానా ఐడీ ఉన్న ప్రశ్న మీద వచ్చిన అభ్యంతరాలపై తీసుకున్న నిర్ణయం, దానికి రికార్డులో ఉన్న కారణం కాపీ ఇవ్వమని అడగండి. మీ జవాబు పత్రం కాపీ అడిగే హక్కు కూడా ఉంది, 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది. నిపుణుల పేర్లు మాత్రం అడగొద్దు. మూల్యాంకనం చేసినవారి వివరాలు ఇవ్వక్కర్లేదని కోర్టే చెప్పింది కాబట్టి ఆ ఒక్క ప్రశ్న సాకుగా చూపి మొత్తం దరఖాస్తునే తిప్పి పంపే అవకాశం ఉంది. రెస్పాన్స్ షీట్, ప్రాథమిక కీ, తుది కీ మూడింటినీ వెబ్‌సైట్‌లో ఉండగానే దించుకుని పెట్టుకోండి. అడ్మిషన్లు ముగిశాక ఆ లింకులు ఎప్పుడు పోతాయో చెప్పలేం, అవి లేకుండా ప్రశ్న ఐడీ రాయడం కుదరదు.